జవాబు ఊరికి తెలుసు, ఖాతాదారుకే గుర్తులేదు: భద్రతా ప్రశ్నల సమస్య - పరిష్కారం

గుంటూరు శివార్లలోని ఒక కోల్డ్ స్టోరేజీ తన రైతులకు ఆన్‌లైన్ ఖాతాలు ఇచ్చింది. ఎన్ని మిర్చి టిక్కీలు నిల్వ ఉన్నాయో రైతు అందులో చూసుకోవచ్చు, సరుకు విడుదలకు అక్కడి నుంచే అనుమతి ఇవ్వవచ్చు. పాస్‌వర్డ్ మరిచిపోతే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: తల్లి పుట్టింటి ఇంటిపేరు, చదువుకున్న మొదటి బడి. ఇలాంటి వ్యవస్థలను సరిచేయడం విజయవాడలో మా పని. ఈ ఖాతాల్లో కనబడిన లక్షణాలు, వాటి కారణాలు, మేం చేసిన మార్పులు ఇక్కడ రాస్తున్నాను.

లక్షణం: పాస్‌వర్డ్ మారిపోయింది, కానీ రైతు మార్చలేదు

ఒక రైతు ఉదయం ఖాతా తెరవబోతే పాస్‌వర్డ్ తప్పు అని వచ్చింది. "నేనేమీ మార్చలేదండీ, నిన్న మధ్యాహ్నం కూడా చూసుకున్నాను" అని ఆఫీసుకు ఫోను చేశారు. ముందు రాత్రి లాగ్‌లో ఇలా ఉంది:

```
22:41:07 recovery_start   device=new
22:41:52 questions_ok     tries=1
22:42:10 password_reset   ok
22:43:36 mobile_change    ok
22:46:20 release_request  bags=120
```

దాదాపు అయిదు నిమిషాల్లో అంతా అయిపోయింది. `recovery_start` అంటే పాస్‌వర్డ్ మరిచిపోయానని ఎవరో మొదలుపెట్టారని అర్థం. పాస్‌వర్డ్ దొంగిలించిన వారు నేరుగా లాగిన్ అవుతారు, దాని జోలికి రారు. కాబట్టి ఇక్కడ తెరుచుకున్నది పక్కదారి. `tries=1` ఇంకా ముఖ్యం. ఊహించి ప్రయత్నించేవారికి రెండు మూడు తప్పులైనా పడతాయి. రెండు జవాబులూ మొదటిసారే సరిపోయాయంటే అవతలి మనిషికి అవి ముందే తెలుసు. ఆ వెంటనే మొబైల్ నంబరు మారింది, కాబట్టి తర్వాత వెళ్లే మెసేజ్‌లు ఏవీ అసలు రైతుకు చేరవు. టిక్కీలు బయటకు పోలేదంటే గేటు దగ్గర సరుకు నిల్వకు ఇచ్చిన అసలు బాండు కాగితం అడగడం వల్లనే.

కారణం: మన ఊళ్లలో ఈ జవాబులు రహస్యాలు కావు

తల్లి పుట్టింటి ఇంటిపేరు అంటే మేనమామ ఇంటిపేరు. అది బంధువులందరికీ తెలుసు, మేనరికాలున్న ఇళ్లలోనైతే అడగనవసరమే లేదు. శుభలేఖ మీద తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తరచుగా తాతల పేర్లు కూడా అచ్చవుతాయి. ఆ కార్డు ఫోటో వాట్సాప్‌లో వందల మందికి చేరుతుంది. ఓటరు జాబితాలో తండ్రి పేరో భర్త పేరో, వయసు, ఇంటి నంబరు ఉంటాయి. మొదటి బడి సంగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనం ఫోటోలు చెబుతాయి. ఊళ్లో ఉన్నది ఒక్క జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఒక్క మండల పరిషత్ బడి అయితే ఫోటో కూడా అక్కర్లేదు.

ఈ దారి ఎంత పాతదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీచేసిన సారా పేలిన్ యాహూ మెయిల్‌ను ఒక విద్యార్థి తెరిచాడు. పుట్టినరోజు, పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, భర్తను మొదట ఎక్కడ కలిశారన్న ప్రశ్నకు జవాబు, ఇవే ఆయనకు కావలసి వచ్చాయి. అన్నీ ఇంటర్నెట్‌లో వెతికితే దొరికాయి.

బంధువులను అనుమానించండి అని నేను అనడం లేదు. ఆ ప్రశ్నలు రాసినవారు ఖాతాదారును ఒంటరి మనిషిగా ఊహించుకున్నారు. మన దగ్గర ఆ వివరాలు కుటుంబమంతటివి. అందరికీ తెలిసిన వివరంతో ఒక్కరిని గుర్తించడం కుదరదు.

లక్షణం: అసలు ఖాతాదారు జవాబే తప్పవుతోంది

ఇది పైదానికి పూర్తిగా వ్యతిరేకంగా కనబడుతుంది, కానీ ఆఫీసుకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. "మా అమ్మ ఇంటిపేరు నాకు తెలియదా?" అని రైతుకు కోపం వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. యలమంచిలి అన్న ఇంటిపేరును ఇంగ్లిషు అక్షరాల్లో `Yalamanchili`, `Yelamanchili`, `Elamanchili` అని మూడు రకాలుగానూ రాస్తారు. బడి పేరు `ZPHS` కావచ్చు, `Z.P. High School` కావచ్చు, ఊరి పేరుతో కలిపీ కావచ్చు. ఖాతా తెరిచిన రోజు కొడుకు టైపు చేసి ఉంటాడు, ఇప్పుడు తండ్రి టైపు చేస్తున్నాడు. స్పెల్లింగ్ కలవదు.

గూగుల్ పరిశోధకులు 2015లో తమ ఖాతాల సమాచారంతో ప్రచురించిన అధ్యయనంలో, అమెరికాలోని ఇంగ్లిషు వాడుకరుల్లో 40 శాతం మందికి అవసరమైనప్పుడు తమ జవాబు గుర్తురాలేదని తేలింది. అదే అధ్యయనంలో "ఇష్టమైన ఆహారం" ప్రశ్నకు ఒకే ఒక్క ఊహతో ఇంగ్లిషు వాడుకరుల జవాబును పట్టుకునే అవకాశం 19.7 శాతమని లెక్క తేలింది. మన వైపు అదే ప్రశ్న అడిగితే బిర్యానీ అని ఎవరైనా ముందు ప్రయత్నిస్తారు.

ఇక్కడ చాలామంది పోలికను సడలిస్తారు. ఒకటి రెండు అక్షరాలు తేడా ఉన్నా ఒప్పుకుంటారు, ఖాళీలు, చుక్కలు తీసేస్తారు. ఫోన్లు తగ్గుతాయి, నిజమే. కానీ రైతుకు సడలించినదంతా బయటివారికీ సడలించినట్లే. ప్రశ్నలను అయిదుకు పెంచితే దీనికి తలకిందులవుతుంది: గుర్తులేని రైతు ఇంకా ఎక్కువగా ఆగిపోతాడు, కుటుంబ వివరాలన్నీ తెలిసినవాడు మాత్రం ఆగడు. అందుకే ఈ ప్రశ్నలకు మరమ్మతు లేదని నా నిశ్చితాభిప్రాయం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017 నాటి 800-63B మార్గదర్శకాల్లో ఇలాంటి ప్రశ్నలను ధ్రువీకరణ సాధనంగా ఒప్పుకోవడం మానేసింది.

పరిష్కారం: తెలిసినదాన్ని అడగడం మాని, చేతిలో ఉన్నదాన్ని అడగడం

ప్రశ్నలను తీసేసి ఓటీపీ పెడితే సరిపోతుందా? సగమే సరిపోతుంది. ఆరంకెల ఓటీపీకి అయిదు ప్రయత్నాలు అనుమతిస్తే ఊహించి గెలిచే అవకాశం పది లక్షల్లో అయిదు. కానీ "మళ్లీ పంపు" నొక్కిన ప్రతిసారీ ఆ అయిదు మళ్లీ మొదలైతే పరిమితి పెట్టినా పెట్టనట్టే. ప్రయత్నాలను ఓటీపీ లెక్కన కాకుండా ఖాతా లెక్కన, రోజు మొత్తానికి లెక్కించాలి. ఓటీపీ గడువు పది నిమిషాలు, ఒక్కసారి వాడగానే అది చెల్లకూడదు. నంబరు మన దగ్గర నమోదై ఉన్నా లేకపోయినా తెర మీద ఒకే వాక్యం రావాలి: "ఈ నంబరుకు ఖాతా ఉంటే ఓటీపీ వస్తుంది." లేకపోతే ఎవరికి ఖాతా ఉందో ఎవరైనా పరీక్షించి తెలుసుకోగలరు.

మిగతా సగం మొబైల్ నంబరుతో వచ్చే చిక్కు. ఎవరైనా రైతు పేరు మీద నకిలీ పత్రాలతో కొత్త సిమ్ తీసుకుంటే ఓటీపీ వారికే వెళుతుంది. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపాలని టెలికాం శాఖ ఆపరేటర్లకు ఆదేశం ఇచ్చింది. అది ఉపయోగపడే గడువే, కానీ పాత సిమ్ ఎందుకు పనిచేయడం లేదో రైతు గమనించి దుకాణానికి వెళ్లేసరికి ఒక రోజు గడిచిపోవచ్చు. అందుకని రికవరీ జరిగాక 48 గంటల పాటు సరుకు విడుదల, నంబరు మార్పు రెండూ ఆపాం. నిల్వ చూసుకోవచ్చు, బాకీ లెక్క చూసుకోవచ్చు, కదిలించడం మాత్రం కుదరదు. మొత్తం మార్పుల్లో ఎక్కువ రక్షణ ఇచ్చేది ఇదేనని నేను నమ్ముతాను. మొదట చెప్పిన రాత్రి ఈ నిబంధన ఉండి ఉంటే 22:43 దగ్గరే ఆ దాడి ఆగిపోయేది.

ఆ 48 గంటలు పనికిరావాలంటే రైతుకు కబురు అందాలి. ఓటీపీ వెళ్లిన నంబరుకే హెచ్చరిక కూడా పంపితే సిమ్ కాజేసినవారే దాన్ని చదువుతారు. అందుకే నమోదు సమయంలో రెండో నంబరు తీసుకుంటున్నాం. కొడుకుదో కూతురిదో, రైతు ఇష్టం. ఆ నంబరుకు వచ్చే మెసేజ్‌తో రికవరీని రద్దు మాత్రమే చేయవచ్చు, ఖాతా తెరవలేరు. ఇంటి మనిషికి ఆపే హక్కు ఉంటుంది, లోపలికి వెళ్లే హక్కు ఉండదు.

మరి ఫోను పోయి, నంబరు కూడా మూతపడితే? రీచార్జి లేక ఆగిపోయిన నంబరు 90 రోజుల తర్వాత వేరేవారికి కేటాయించే అవకాశం ఉంది, కాబట్టి పాత నంబరును శాశ్వతంగా నమ్మకూడదు. దీనికి రెండు దారులు ఉంచాం. మొదటిది నమోదు రోజే అచ్చువేసి ఇచ్చే పదహారు అక్షరాల రికవరీ కోడ్. సున్నా, ఇంగ్లిషు O లాగా ఒకదానిలా మరొకటి కనబడేవి అందులో ఉండవు, నాలుగేసి అక్షరాలుగా విడగొట్టి ఉంటుంది. బాండు ఉన్న సంచిలో దాన్ని పెట్టవద్దని రైతులకు చెబుతున్నాం, రెండూ ఒకేచోట ఉంటే ఒకరికే దొరుకుతాయి. రెండో దారి ఆఫీసుకు రావడం. గుర్తింపు కార్డు, నమోదు నాటి ఫోటో, ఎదురుగా ఉన్న మనిషి, మూడూ సరిపోవాలి. ఇద్దరు ఉద్యోగులు విడివిడిగా ఆమోదించాలి. దూరపు మండలం నుంచి గుంటూరు దాకా రావడం రైతుకు శ్రమే. ఈ పద్ధతికి ఉన్న నిజమైన లోటు అది, సీజన్‌లో మరీ తెలుస్తుంది.

లక్షణం: ప్రశ్నలు తీసేసినా అదే రకం మోసం

ఇది కనబడితే ఫోను ఎత్తే ఉద్యోగిని అడగండి. తెర మీద ప్రశ్న పోయినా, "మీ నాన్నగారి పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి" అని ఫోనులో అడిగి నంబరు మారుస్తుంటే పాత తలుపు తెరిచే ఉన్నట్టు. ఫోనులో ఎవరి నంబరూ మార్చలేని విధంగా ఉద్యోగి తెర నుంచే ఆ మీట తీసేయాలి. ఉద్యోగికి చెప్పి ఊరుకుంటే, అవతల ఏడుస్తూ బతిమాలే గొంతు విన్నప్పుడు దయ గెలుస్తుంది.

డేటాబేస్‌లో మిగిలిన పాత జవాబులనూ చెరిపేయండి. 2013 నాటి యాహూ చోరీలో పేర్లు, పాస్‌వర్డ్ హ్యాష్‌లతో పాటు భద్రతా ప్రశ్నలు, జవాబులు కూడా పోయాయి, వాటిలో కొన్నింటికి ఎన్‌క్రిప్షన్ లేదు. 2017లో ఆ సంస్థ మొత్తం 300 కోట్ల ఖాతాలు ప్రభావితమైనట్టు ప్రకటించింది. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, తల్లి పుట్టింటి పేరు మార్చుకోలేం. మన దగ్గర లీకైన జవాబు ఆ రైతు బ్యాంకు ఖాతాలోనూ పనిచేయవచ్చు. బ్యాకప్‌లలో ఉన్న కాపీలు కూడా లెక్కలోకి తీసుకోండి.

మార్పులు పనిచేస్తున్నాయో లేదో చూడటానికి ఒక పరీక్ష ఖాతా తెరిచి, దాని యజమాని గురించిన వివరాలన్నీ తెలిసిన సహోద్యోగికి అప్పగించండి: పేరు, ఇంటిపేర్లు, బడి, పుట్టిన తేదీ, ఊరు. ఫోను, రికవరీ కోడ్ మాత్రం ఇవ్వవద్దు. తెర మీదా, ఆఫీసు ఫోనులోనూ ఆయన ప్రయత్నించాలి. ఎక్కడైనా లోపలికి వెళ్లగలిగితే `recovery_start` తర్వాతి వరుస నుంచి లాగ్ చదవండి, ఏ అడుగు ఆయనను వదిలిందో అక్కడే కనబడుతుంది.