ఎక్సెల్‌తో స్టాటిస్టిక్స్, 4వ పాఠం: అడ్డంగా రోజులు, నిలువుగా మనుషులు

మూడో పాఠాన్ని తమ క్లాసులో చేయించిన లెక్చరర్లు రాసిన సంగతులు చదివాక, ఈ వారం హిస్టోగ్రామ్‌తో మొదలుపెట్టాలన్న ఆలోచన పక్కన పెట్టాను. దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే మేడమ్ రాసింది ముందు చెప్పాలి. ల్యాబ్‌లో సెకండియర్ అమ్మాయి ఒకరు బస్సు కోసం ఎదురుచూసే నిమిషాలుగా `RAND()`తో 25 అంకెలు తయారు చేసి సగటు తీస్తే 8.7 వచ్చింది. పక్క సిస్టమ్‌లో 12.4. పాఠంలో మాత్రం సగటు 10 అని ఉంది. F9 నొక్కిన ప్రతిసారీ అంకెలన్నీ కొత్తగా వస్తాయి కదా, ఆ అమ్మాయి అది నొక్కుతూ పోయింది. 9.3, 11.8, 7.9... చివరికి 10.02 కనపడగానే చెయ్యి ఆపి, దాన్ని రికార్డులో రాసి, "వచ్చింది మేడమ్" అని చూపించింది.

ఇందులో తప్పు ఆ అమ్మాయిది కాదు. "సగటు 10 అవుతుంది" అని రాసింది నేను. "10 చుట్టూ తిరుగుతుంది" అని రాయాల్సింది. ఆమె కొట్టేసిన 8.7, 9.3, 11.8, 7.9 ఉన్నాయే, మనం నేర్పాలనుకున్న పాఠం అదే. నమూనా మారితే సగటు మారుతుంది. ఎంత మారుతుంది, ఏ ఆకారంలో మారుతుంది అన్నదే అసలు ప్రశ్న. అందుకే ఈసారి F9 నొక్కి నొక్కి చూసే పని లేకుండా, వెయ్యి సగటులనూ ఒకే షీట్‌లో పరుస్తాం.

కథ పాతదే. మెహదీపట్నం స్టాప్‌లో కాలేజీ బస్సు కోసం పొద్దున్నే ఎదురుచూసే నిమిషాలు. సగటున 10 నిమిషాలు అనుకున్నాం. ఇది మనం ఊహించుకున్న అంకె, ఎవరూ కొలిచింది కాదు. సగం రోజులు ఏడు నిమిషాల లోపే బస్సు దొరుకుతుంది. ఇరవై రోజుల్లో ఒక రోజు మాత్రం అరగంట దాటుతుంది. అంటే ఎడమ పక్క గుట్టగా ఉండి, కుడి పక్కకు పొడుగ్గా తోక సాగిన ఆకారం. గంట ఆకారానికి దీనికి పోలికే లేదు. కావాలనే అలాంటిది తీసుకున్నాను.

పేరు పెట్టె, అంటే ఫార్ములా బార్‌కు ఎడమ చివర ఉండే చిన్న పెట్టెలో `A2:Y1001` అని కొట్టి ఎంటర్ నొక్కండి. అంత మేరా ఎంపిక అవుతుంది. ఇప్పుడు కింది ఫార్ములా టైపు చేసి Ctrl+Enter నొక్కితే మొత్తం 25,000 సెల్స్ ఒక్కసారిగా నిండుతాయి. మౌస్‌తో లాగడం నాకు నచ్చదు. వెయ్యి వరుసలు లాగేటప్పుడు చెయ్యి జారి తొమ్మిది వందల దగ్గరే ఆగిపోయిన షీట్‌లు చాలా చూశాను.

```
=-10*LN(1-RAND())
```

`RAND()` ముందు `1-` ఎందుకని అడిగారు. `RAND()` సున్నా ఇవ్వగలదు, కానీ ఒకటి ఎప్పుడూ ఇవ్వదు. సున్నాకు లాగరిథమ్ లేదు కాబట్టి తిప్పి రాశాం. అంతే.

Z నిలువు వరుసను ఖాళీగా వదిలేయండి. AA2లో మొదటి నాలుగు రోజుల సగటు, AB2లో మొత్తం 25 రోజుల సగటు పెట్టి, రెండింటినీ 1001 వరకు దించండి.

```
AA2:  =AVERAGE(A2:D2)
AB2:  =AVERAGE(A2:Y2)
```

వెయ్యి వరుసల్లోనూ ఒకే అంకె కనిపిస్తే Formulas ట్యాబ్‌లో Calculation Options అన్నచోట Manual ఉందన్నమాట. Automatic చేయండి.

ఇప్పుడు పోయినసారి ఎక్కువ మందిని దెబ్బతీసిన చోటుకు వద్దాం. ఈ షీట్‌లో రెండు సంఖ్యలున్నాయి, 25 ఒకటి, 1000 ఒకటి. ఈ రెండూ ఒకదాని పని ఒకటి చేస్తాయనుకోవడం వల్లే సగం గందరగోళం. "శాంపుల్స్ పెంచితే సగటు కచ్చితం అవుతుంది కదా అని వరుసలు 5,000 చేశాను, వెడల్పు ఏమీ తగ్గలేదు, ఫార్ములా తప్పా?" అని ముగ్గురు అడిగారు. ఫార్ములా తప్పు కాదు. పెంచాల్సింది ఒకటైతే పెంచింది ఇంకొకటి. శాంపుల్ అన్న మాటను మనం క్లాసులో రెండు రకాలుగా వాడేస్తాం. బోర్డు మీద "శాంపుల్ 25" అని రాసి, నోటితో "వెయ్యి శాంపుల్స్" అంటాం. పిల్లలకు ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

అందుకే నా క్లాసులో ఆ మాటే ఆపేసి మనుషులు, రోజులు అంటాను. ఒక అడ్డ వరుస అంటే ఒక విద్యార్థిని. ఆమె 25 రోజులు స్టాప్‌లో నిలబడి, రోజుకో అంకె చొప్పున నోట్‌బుక్‌లో రాసుకుంది. AB నిలువు వరుసలో ఉన్నది ఆమె చివరికి చెప్పే ఒక్క మాట: "నా లెక్క ప్రకారం సగటు 8.7 నిమిషాలు." మనం ఇలాంటి వెయ్యి మందిని పంపాం. వెయ్యికి బదులు ఐదు వేల మందిని పంపామనుకోండి. ఒక్కొక్కరూ నిలబడింది అదే 25 రోజులు. ఎక్కువ మంది వెళ్లినంత మాత్రాన ఏ ఒక్కరి నోట్‌బుక్కూ మెరుగుపడదు. అదే ఒక్కొక్కరినీ 100 రోజులు నిలబెట్టండి, అప్పుడు ఒకరి సగటు మరొకరి సగటుకు దగ్గరవుతుంది.

షీట్‌లోనే చూపించొచ్చు. AB వరుసకు `STDEV.S`తో ప్రామాణిక విచలనం తీయండి. 2కి అటూ ఇటూ వస్తుంది. లెక్క ప్రకారం రావాల్సింది, ఒక రోజు నిమిషాల ప్రామాణిక విచలనమైన 10ని 25 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 2 కదా. ఇప్పుడు మొదటి వంద మందితోనే తీసి F9 నొక్కుతూ ఉండండి. 1.8, 2.2, 1.9 అంటూ ఎగురుతుంది. పది వేల మందిని పెడితే 1.98, 2.01 అంటూ దాదాపు కదలకుండా నిలబడుతుంది. కానీ నిలబడింది 2 దగ్గరే. మనుషుల సంఖ్య పెంచితే ఆ 2 స్పష్టంగా కనబడుతుంది, తగ్గదు. తగ్గాలంటే రోజులు పెరగాలి. నాలుగు రోజులున్న AA వరుసకు తీస్తే 5 దగ్గర వస్తుంది. వంద రోజులైతే 1కి దిగుతుంది.

ఇదే గొడవకు ఇంకో ముఖం కూడా ఉంది. ఒకాయన A2:Y2కు `STDEV.S` తీసి, "నాకు 9.4 వచ్చింది, 2 ఎక్కడ?" అని అడిగారు. అడ్డంగా తీస్తే ఒకే మనిషికి రోజు రోజుకూ ఉండే తేడా వస్తుంది, అది 10 చుట్టూ ఉంటుంది. నిలువుగా AB కిందికి తీస్తే మనిషికీ మనిషికీ ఉన్న సగటుల తేడా, అది 2. క్లాసులో ఈ రెండు ఫార్ములాలనూ పక్కపక్క సెల్స్‌లో పెట్టి, ఏది ఎటు తీశామో వేలితో స్క్రీన్ మీద గీసి చూపించండి. నేను ప్రతి ఏడూ దీనికే పది నిమిషాలు పెడతాను.

ఇక బొమ్మ. ఎక్సెల్ ఇచ్చే రెడీమేడ్ హిస్టోగ్రామ్‌ను ఇక్కడ వాడకండి. అది ఒక్కో డేటాకు తగ్గట్టు తనే గళ్లు మార్చేస్తుంది. దాంతో నాలుగు రోజుల బొమ్మా, 25 రోజుల బొమ్మా చూడ్డానికి ఒకే వెడల్పులో ఉంటాయి. AD2 నుంచి కిందికి 0, 1, 2 అంటూ 30 వరకు రాయండి. AE, AF, AGలో వరుసగా ఒక రోజు, నాలుగు రోజులు, 25 రోజుల లెక్కింపు. AEకి ఇలా:

```
=COUNTIFS(A$2:A$1001,">="&$AD2,A$2:A$1001,"<"&$AD2+1)
```

AFలో A బదులు AA, AGలో A బదులు AB. మూడింటికీ కాలమ్ చార్టు వేసి, నిలువు అక్షం గరిష్ఠాన్ని మూడింటిలోనూ 250 దగ్గర కట్టేయండి. ఒక రోజు బొమ్మలో నలభై మందికి పైగా 31 దాటి బొమ్మ బయటే ఉండిపోతారు, పర్వాలేదు. మూడూ ఒకదాని కింద ఒకటి పేర్చి F9 నొక్కితే పైది జారుడుబల్లలా, మధ్యది ఒంటి పక్కకు ఒరిగిన గుట్టలా, కిందిది 10 చుట్టూ సన్నగా లేచిన గంటలా కనిపిస్తుంది. మాటల్లో సెంట్రల్ లిమిట్ సిద్ధాంతం చెప్పడం ఈ బొమ్మ చూశాకే మొదలుపెట్టండి. మారింది సగటుల ఆకారమే. బస్సు నిమిషాల ఆకారం పై బొమ్మలో ఉన్నట్టే ఉంది.

కింది బొమ్మ నిజంగా గంటేనా? కళ్లు మోసం చేస్తాయి కాబట్టి రెండు వైపులా లెక్కపెడదాం.

```
=COUNTIF(AB2:AB1001,"<6")
=COUNTIF(AB2:AB1001,">14")
```

6, 14 రెండూ 10కి రెండేసి ప్రామాణిక విచలనాల దూరంలో ఉన్నాయి. అచ్చమైన గంట అయితే రెండు వైపులా ఇరవై ముగ్గురు చొప్పున ఉండాలి. మనకు కింద పదకొండు మంది, పైన ముప్పై మంది దాకా వస్తారు. F9 నొక్కితే అంకెలు మారతాయి గానీ పైనే ఎక్కువ అన్నది దాదాపు ఎప్పుడూ మారదు. బస్సు నిమిషాల తోక ఇంకా పూర్తిగా పోలేదన్నమాట. తోక ఒక పక్కకు ఎంత సాగిందో చెప్పే `SKEW` తీస్తే ఒక రోజుకు 2, నాలుగు రోజులకు 1, 25 రోజులకు 0.4 చుట్టూ వస్తాయి. ఇది కూడా రోజుల వర్గమూలంతోనే తగ్గుతుంది. ఒక రోజు వరుసలో ఒకరిద్దరు బాగా పెద్ద అంకెలు పడితే ఆ 2 కాస్త ఊగుతుంది, కంగారు పడకండి.

"30 దాటితే నార్మల్" అని గైడ్లలో ఉండే మాటను పిల్లలు మంత్రంలా బట్టీ పడతారు. ఎంత కావాలన్నది తోకను బట్టి ఉంటుంది. ఈసారి అభ్యాసం అందుకే పెట్టాను. కాస్త కష్టమైనదే, ఒక సాయంత్రం కేటాయించండి.

బండికి రోజుకు 50 రూపాయల పెట్రోలు. వంద రోజుల్లో రెండు రోజులు మాత్రం రిపేరుతో కలిపి 5,000 అవుతుంది. అసలు సగటు 149 రూపాయలు. A2:Y1001లో ఇది నింపండి:

```
=IF(RAND()<0.02,5000,50)
```

25 రోజుల సగటుల బొమ్మలో గంట కనపడదు. ఆరు వందల మందికి సరిగ్గా 50 వస్తుంది, మూడు వందల మందికి 248, డెబ్బై అయిదు మంది దాకా 446. మధ్యలో ఖాళీ. ఎందుకు ఖాళీయో, 248 ఎక్కడి నుంచి వచ్చిందో ముందు కాగితం మీద రాయండి. తర్వాత రోజులు పెంచుతూ పోయి, సగటుల `SKEW` బస్సు కథలోలాగా 0.4కి దిగాలంటే ఎన్ని రోజులు కావాలో కనుక్కోండి. అన్ని నిలువు వరుసలు పెడితే సిస్టమ్ నత్తలా నడుస్తుంది. అందుకే ఒక్కో మనిషికి ఒకే సెల్ చాలు, ఉదాహరణకు 100 రోజులకు:

```
=50+4950*BINOM.INV(100,0.02,RAND())/100
```

రెండు చోట్లా 100 మార్చడం మరచిపోకండి. వరుసలు వెయ్యి కాకుండా పది వేలు పెట్టండి, లేకపోతే `SKEW` కుదురుగా ఉండదు. మీకు 25కీ 30కీ దగ్గర్లో జవాబు వస్తే ఎక్కడో రోజుల బదులు మనుషులను మార్చారు, ఫార్ములా మళ్లీ చూడండి. నాకు వచ్చింది 300కి కొంచెం తక్కువ.