నాలుగు పోల్స్ మోటార్‌లో స్లిప్, రోటార్ వేగం లెక్కించడం ఎలా?

నాలుగు పోల్స్ ఇండక్షన్ మోటార్‌ని 50 హెర్ట్జ్ సప్లైకి కలిపితే, స్టేటర్ వైండింగ్‌లో పుట్టే అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. అదే మోటార్ నేమ్‌ప్లేట్ మీద మాత్రం 1440 ఆర్‌పీఎం అని ఉంటుంది. తగ్గిన ఆ 60 చుట్లే స్లిప్.

రోటార్ వెనకబడటం లోపం కాదు. రోటార్‌కి బయటి నుంచి కరెంటు ఇచ్చే తీగ ఏదీ లేదు. క్షేత్రం రోటార్ కడ్డీలను దాటుకుంటూ పోతేనే వాటిలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు వల్లే తిప్పే బలం వస్తుంది. రెండూ ఒకే వేగంతో తిరిగితే దాటడం ఉండదు, కరెంటు ఉండదు, బలమూ ఉండదు. లోడ్ పెరిగితే ఎక్కువ బలం కావాలి కాబట్టి రోటార్ ఇంకొంచెం వెనకబడుతుంది. అందుకే స్లిప్ తెలిస్తే మోటార్ మీద ఎంత బరువు పడుతోందో ఒక అంచనా దొరుకుతుంది.

లెక్క రెండు వరుసలే. కష్టమంతా కొలతలో ఉంది. పదిహేను వందల దరిదాపుల్లో ఉన్న రెండు పెద్ద సంఖ్యల మధ్య చిన్న తేడాను మనం పట్టుకోవాలి. ఆ రెండింటిలో ఏ ఒక్కటి మూడు చుట్లు తప్పినా ఆ తప్పంతా స్లిప్ మీదే పడుతుంది. పిండిమరకు బెల్టుతో కలిపిన 7.5 కిలోవాట్ల (10 హెచ్‌పీ), 415 వోల్టుల, 1440 ఆర్‌పీఎం త్రీఫేజ్ మోటార్‌ని ఉదాహరణగా తీసుకుని మొదటి నుంచీ చూద్దాం.

మొదటి మెట్టు: పోల్స్ సంఖ్య ఖాయం చేసుకోండి

నేమ్‌ప్లేట్ మీద పోల్స్ సంఖ్య రాసి లేకపోతే వేగాన్ని బట్టి చెప్పవచ్చు. 50 హెర్ట్జ్ మీద 1500కి కొంచెం తక్కువగా, అంటే 1400 నుంచి 1490 మధ్యలో ఉంటే అది నాలుగు పోల్స్ మోటార్. 2880 లాంటి అంకె ఉంటే రెండు పోల్స్, 960 లాంటిది ఉంటే ఆరు పోల్స్.

రెండో మెట్టు: ఫ్రీక్వెన్సీని కొలవండి, 50 అని అనుకోవద్దు

చాలామంది దాటేసే మెట్టు ఇదే. మన గ్రిడ్ ఎప్పుడూ సరిగ్గా 50.00 దగ్గర నిలబడదు, దానికి అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. నాలుగు పోల్స్ మోటార్‌లో ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ మారితే క్షేత్రం వేగం 3 చుట్లు మారుతుంది.

హెర్ట్జ్ చూపించే మల్టీమీటర్ ఉంటే చాలు. మోటార్ టెర్మినల్ పెట్టె తెరవనక్కర్లేదు. అదే గ్రిడ్ సప్లై వచ్చే మామూలు 230 వోల్టుల సాకెట్‌లో కొలిచినా అదే ఫ్రీక్వెన్సీ వస్తుంది. రెండు దశాంశాల దాకా చూపించే మీటర్ వాడండి. మోటార్ జనరేటర్ మీద నడుస్తుంటే ఆ జనరేటర్ ఇచ్చే సప్లైలోనే కొలవాలి. మోటార్‌కి వేగం మార్చే డ్రైవ్ ఉంటే గ్రిడ్ ఫ్రీక్వెన్సీతో పని లేదు, డ్రైవ్ తెర మీద కనిపించే ఔట్‌పుట్ ఫ్రీక్వెన్సీని తీసుకోవాలి.

మన ఉదాహరణలో మీటర్ 49.90 హెర్ట్జ్ చూపించిందనుకుందాం. క్షేత్రం వేగానికి, అంటే సింక్రొనస్ వేగానికి సూత్రం ఇది:

```
Ns = 120 × f / P
Ns = 120 × 49.9 / 4 = 1497
```

ఇక్కడ P అంటే మొత్తం పోల్స్, జతలు కాదు. జతల లెక్క వాడే పుస్తకాల్లో 120కి బదులు 60 ఉంటుంది. 120 రాసి, కింద పోల్స్ జతలు 2 వేస్తే దాదాపు 3000 వస్తుంది, స్లిప్ యాభై శాతం దాటుతుంది. జవాబు అలా వస్తే ముందు ఈ చోటే వెతకండి.

మూడో మెట్టు: షాఫ్ట్ వేగం కొలవండి

ముందు మోటార్‌ని లోడ్ మీద అరగంట నుంచి గంట నడవనివ్వండి. చల్లగా ఉన్న రోటార్ కడ్డీల నిరోధం తక్కువ కాబట్టి అదే లోడ్‌కి స్లిప్ తక్కువగా కనిపిస్తుంది. అల్యూమినియం నిరోధం ఒక్కో డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. యాభై డిగ్రీలు వేడెక్కితే స్లిప్‌లో అయిదో వంతు తేడా వస్తుందన్నమాట. పొద్దున్నే స్విచ్ వేసిన వెంటనే తీసిన రీడింగ్‌ని మధ్యాహ్నం రీడింగ్‌తో పోల్చకూడదు.

తాకకుండా కొలిచే టాకోమీటర్ అయితే సప్లై పూర్తిగా తీసేసి, ఎవరూ స్విచ్ వేయకుండా చూసుకుని, షాఫ్ట్ మీద గానీ మోటార్ పుల్లీ మీద గానీ ఒక సెంటీమీటర్ రిఫ్లెక్టివ్ టేపు ముక్క అంటించండి. ఒక్క ముక్కే. షాఫ్ట్ నిగనిగలాడుతున్నా, కీ గాడి అంచు మెరుస్తున్నా టాకోమీటర్ దాన్ని రెండో టేపుగా లెక్కపెడుతుంది, అప్పుడు 2890 లాంటి రెట్టింపు అంకె కనిపిస్తుంది, లేదంటే అంకెలు గెంతుతాయి. ఆ చోట నల్ల టేపు చుట్టి, దాని మీద రిఫ్లెక్టివ్ ముక్క అంటిస్తే సరిపోతుంది. రబ్బరు మొనతో తాకి కొలిచే రకం అయితే మొనను షాఫ్ట్ మధ్య గుంటలో నిటారుగా నొక్కి పట్టాలి. మొన జారితే వేగం తక్కువగా, స్లిప్ ఎక్కువగా కనిపిస్తుంది.

కొలవాల్సింది మోటార్ షాఫ్ట్‌నే. మర వైపు పుల్లీని కొలిస్తే అందులో పుల్లీల నిష్పత్తి, బెల్టు జారుడు కూడా కలిసిపోతాయి. బెల్టు జారడాన్ని కూడా మెకానిక్‌లు స్లిప్ అనే అంటారు, కానీ దానికీ మన లెక్కకూ సంబంధం లేదు.

ఫ్రీక్వెన్సీ, వేగం రెండూ ఒకే క్షణంలో చూడాలి. ఒకరు మల్టీమీటర్, ఇంకొకరు టాకోమీటర్ చూస్తూ మూడు జతల రీడింగులు తీసుకుంటే మంచిది. మన మోటార్‌కి 1446 వచ్చిందనుకుందాం.

నాలుగో మెట్టు: లెక్క

```
స్లిప్ వేగం = Ns − N = 1497 − 1446 = 51
s = (Ns − N) / Ns = 51 / 1497 = 0.034  (3.4%)
```

భాగించేది క్షేత్రం వేగంతో, రోటార్ వేగంతో కాదు. ఫ్రీక్వెన్సీ కొలవకుండా 1500 తీసుకుని ఉంటే స్లిప్ వేగం 54, శాతం 3.6 వచ్చేది. మూడు చుట్ల పొరపాటు వేగంలో అయిదో వంతు శాతమే, స్లిప్‌లో మాత్రం దాదాపు ఆరు శాతం.

స్లిప్ ముందే తెలిసి రోటార్ వేగం కావాలంటే ఇదే సూత్రాన్ని తిప్పి రాస్తే చాలు:

```
N = Ns × (1 − s)
N = 1500 × (1 − 0.04) = 1440
```

రోటార్ కడ్డీల్లో పారే కరెంటు ఫ్రీక్వెన్సీ s × f. మన మోటార్‌లో అది 0.034 × 49.9, అంటే 1.7 హెర్ట్జ్ మాత్రమే. స్లిప్‌కి ఇంకో అర్థం కూడా ఉంది. గాలి సందు దాటి రోటార్‌కి చేరిన పవర్‌లో స్లిప్ ఎంత భాగమో అంత భాగం రోటార్‌లోనే వేడిగా పోతుంది. 4 శాతం స్లిప్ మీద 7.5 కిలోవాట్లు షాఫ్ట్‌కి అందాలంటే, రాపిడి నష్టాలు పక్కన పెడితే, దాదాపు 7.8 కిలోవాట్లు రోటార్‌లోకి వెళ్లాలి. మిగతా 310 వాట్లు కడ్డీలను వేడెక్కిస్తాయి.

స్లిప్‌తో లోడ్ అంచనా

నేమ్‌ప్లేట్ ప్రకారం పూర్తి లోడ్ మీద స్లిప్ వేగం 1500 − 1440 = 60. మనకు వచ్చింది 51. 51ని 60తో భాగించి 85 శాతం లోడ్ అని తేల్చేయాలనిపిస్తుంది. కానీ వోల్టేజీ సంగతి మిగిలే ఉంది. ఒకే లోడ్‌కి స్లిప్ వోల్టేజీ వర్గానికి విలోమంగా మారుతుంది. కరెంటు తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత స్టార్టర్ దగ్గర మూడు ఫేజుల మధ్య వోల్టేజీ కొలిపించి సగటు తీసుకోండి. అది 400 వోల్టులు అయితే:

```
పూర్తి లోడ్ స్లిప్ = 60 × (415 / 400)² = 64.6
లోడ్ = 51 / 64.6 = 0.79
```

అంటే 79 శాతం, సుమారు 5.9 కిలోవాట్లు. ఈ అంకెను కూడా ఒక హద్దు దాకానే నమ్మాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60034-1 ప్రకారం ఒక కిలోవాట్, అంతకు పైబడిన మోటార్లలో పూర్తి లోడ్ స్లిప్ చెప్పినదానికి 20 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. పైగా నేమ్‌ప్లేట్ వేగాన్ని చాలాసార్లు దగ్గరి అయిదుకో పదికో సర్దుతారు. 60 అని రాసిన ఈ మోటార్ అసలు స్లిప్ 48 కావచ్చు, 72 కావచ్చు. ఆ రెండు చివర్లూ వేసి చూస్తే మన 79 శాతం నిజానికి 66 నుంచి 99 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

అందుకని వేరువేరు మోటార్లను ఈ పద్ధతిలో పోల్చవద్దు. ఒకే మోటార్‌ని దానితోనే పోల్చినప్పుడే ఇది బాగా పనికొస్తుంది. మర రాళ్లు గంటు కొట్టించిన కొత్తలో 45, మూడు నెలల తర్వాత అదే ధాన్యానికి, అదే వోల్టేజీకి, అంతే వేడి మీద 58 వస్తే లోడ్ పెరిగిందని గట్టిగా చెప్పవచ్చు.

లోడ్ లేనప్పుడు కొలవాలంటే

బెల్టు తీసేసి ఖాళీగా తిప్పితే ఈ మోటార్ స్లిప్ కొన్ని చుట్లకు పడిపోతుంది. అక్కడ టాకోమీటర్ నిలబడదు. గ్రిడ్ 50.05 హెర్ట్జ్ ఉంటే క్షేత్రం వేగం 1501.5. ఫ్రీక్వెన్సీ కొలవకుండా దాన్ని 1500 అనుకుంటే, టాకోమీటర్ 1500 చూపించినప్పుడు స్లిప్ సున్నా అనీ, 1501 చూపిస్తే మోటార్ క్షేత్రాన్నే మించిపోయిందనీ అనిపిస్తుంది. బయటి నుంచి ఎవరూ తోయకుండా ఇండక్షన్ మోటార్ తన క్షేత్రాన్ని మించి తిరగదు. రుణ స్లిప్ వచ్చిందంటే ఫ్రీక్వెన్సీ కొలవలేదని, లేదా మీటర్ కచ్చితత్వం చాలలేదని అర్థం.

ఇలాంటి చోట ఫ్రీక్వెన్సీ ప్రమేయమే లేని పద్ధతి ఒకటి ఉంది. అట్టను గుండ్రంగా కత్తిరించి, నాలుగు నల్ల ముక్కలు, నాలుగు తెల్ల ముక్కలు ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా, ఒక్కొక్కటి 45 డిగ్రీలతో గీయండి. మోటార్ ఆపి ఆ అట్టను షాఫ్ట్ చివర మధ్యకి గట్టిగా అంటించండి. గదిని చీకటి చేసి, అదే సప్లై మీద వెలిగే 230 వోల్టుల నియాన్ ఇండికేటర్ దీపం వెలుగులో చూడండి. నియాన్ దీపం సెకనుకు 100 సార్లు మెరుస్తుంది. క్షేత్రం సెకనుకు 25 చుట్లు కాబట్టి, రెండు మెరుపుల మధ్య అది సరిగ్గా పావు చుట్టు తిరుగుతుంది. రోటార్ కూడా అంతే తిరిగితే అట్ట మీది బొమ్మ కదలనట్టు కనిపించేది. వెనకబడుతుంది కాబట్టి బొమ్మ మోటార్ తిరిగే దిక్కుకి ఎదురుగా మెల్లగా జరుగుతుంది. ఒక నిమిషంలో ఒక గుర్తును దాటిన నల్ల ముక్కలను లెక్కపెట్టి నాలుగుతో భాగిస్తే అదే స్లిప్ వేగం. 20 ముక్కలు దాటితే స్లిప్ 5 చుట్లు. ఫ్రీక్వెన్సీ మారినా దీపం, క్షేత్రం రెండూ కలిసే మారతాయి కాబట్టి ఆ తప్పు లెక్కలోకి రాదు.

స్లిప్ 15 చుట్లు దాటితే సెకనుకు ఒకటి కంటే ఎక్కువ ముక్కలు పరిగెడతాయి, కంటితో లెక్కపెట్టడం కష్టం. అక్కడి నుంచి టాకోమీటరే నయం. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి నమ్మదగింది కాదు, చాలావాటిలో లోపలి సర్క్యూట్ మెరుపులను చదును చేసేస్తుంది. ఈ వెలుగులో షాఫ్ట్ ఆగినట్టే కనిపిస్తుంది కాబట్టి గార్డు తీయకండి, చెయ్యి దగ్గరకు పోనివ్వకండి. అట్టను తీసేముందు మామూలు లైటు వేసి, మోటార్ పూర్తిగా ఆగిందని చూసుకోండి.