బడికి ఉత్తరం రాయడం – 3వ పాఠం: ‘రోజూ’ అనే మాట తీసేద్దాం

పోయిన పాఠంలో ఒక నోటుబుక్కు పెట్టమన్నాను. బడిలో తోటిపిల్లలు వేధిస్తున్నారని బిడ్డ ఇంటికొచ్చి చెప్పినదాన్ని చెప్పినట్టే అందులో రాసుకోమన్నాను. ఈసారి ఆ నోటుబుక్కులోంచి బడికి పంపే ఉత్తరం తయారుచేద్దాం. చాలా ఏళ్లు హెడ్‌మాస్టరు కుర్చీలో కూర్చుని ఇలాంటి ఉత్తరాలు అందుకున్నవాణ్ణి. ఏ ఉత్తరం చదవగానే లేచి వరండాలోకి నడిచానో, ఏది ‘చూద్దాంలే’ అని సొరుగులో పడేశానో నాకు తెలుసు. రెండో రకం ఉత్తరాల్లో నిజం తక్కువుండి కాదు.

విజయనగరం కంటోన్మెంట్ వైపు ఉండే ఒక తల్లి మొదట రాసుకున్న చిత్తుప్రతి ఇది. ఆమె ఒప్పుకున్నాకే వాడుకుంటున్నాను. పేర్లు తీసేసి పిల్లలకు ‘క’, ‘గ’ అని పెట్టాను.

“సార్, మీ స్కూల్లో పిల్లలకి రక్షణ లేదు. మా బాబుని రోజూ కొడుతున్నారు. ఎనిమిదో తరగతిలో ఇద్దరు రౌడీలున్నారు. మీ టీచర్లు చూసీచూడనట్టు వదిలేస్తున్నారు. వాళ్లకి నాలుగు తగిలించి టీసీ ఇచ్చి పంపించండి. లేకపోతే మేం ఊరుకోం.”

కోపం న్యాయమైనదే. కానీ హెడ్‌మాస్టరు కళ్లతో చదవండి. ‘రోజూ’ అని ఉంది. ఆయన హాజరుపట్టీ తెప్పిస్తారు. నవంబరు 11, 12 తేదీల్లో ఈ బాబు జ్వరంతో బడికే రాలేదు. అంతటితో ‘ఈమె కాస్త ఎక్కువ చేసి చెబుతోంది’ అనే అనుమానం మొదలవుతుంది, మిగతా వాక్యాలన్నీ ఆ అనుమానంతోనే చదువుతారు. ‘చూసీచూడనట్టు’ అన్నందుకు టీచర్లంతా ఒక పక్కకు చేరతారు. ఇక చివరి కోరిక సంగతి. 2009 విద్యాహక్కు చట్టంలో 16వ సెక్షను ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లవాణ్ణీ బడి నుంచి తీసేయకూడదంటుంది. పక్కనే ఉన్న 17వ సెక్షను పిల్లల్ని కొట్టకూడదంటుంది. అంటే ఆమె అడిగిన రెండూ హెడ్‌మాస్టరు చేయకూడనివే. చేయలేని పని అడిగితే, ఏమీ చేయకుండా ఉండడానికి ఆయనకు మనమే దారి చూపించినట్టు.

ఆమెను నోటుబుక్కు తెమ్మన్నాను. అందులో బాబు మాటలు ఇలా ఉన్నాయి: “నాను బాత్రూముకెల్తే బయట గడియ ఎట్టీసినారమ్మా. ఆయమ్మొచ్చి తీసింది.” చిత్తులో ఈ సంగతే లేదు! అసలైన సాక్ష్యం వదిలేసి ‘రౌడీలు’ రాసింది. ఈ వాక్యంలో చోటుంది, చేసిన పని ఉంది, చూసిన పెద్ద మనిషి ఉంది. దీన్ని ‘నిర్బంధించి చిత్రహింసలు పెట్టారు’ అని మార్చకండి. ఏడో తరగతి కుర్రాడు అలా మాట్లాడడు, మాట్లాడితే ఎవరో నేర్పించారనుకుంటారు. బిడ్డ మాటలు యాసతో సహా కొటేషన్లలో పెట్టండి.

తేదీలు పిల్లలకు గుర్తుండవు. “ఎప్పుడురా?” అంటే “మొన్న” అంటారు, ఆ మొన్న వారం కిందటిదైనా కావచ్చు. తేదీ అడక్కుండా ఆ రోజు ఇంకేం జరిగిందో అడగండి. ఈ బాబు “డాన్సు ప్రాక్టీసయ్యాక, మర్నాడు పండగ” అన్నాడు. పండగంటే నవంబరు 14, బాలల దినోత్సవం. కాబట్టి అది 13, గురువారం. ఇంకో సంగతి డ్రిల్ పీరియడున్న రోజున జరిగిందన్నాడు. టైంటేబులు తీసి చూస్తే ఆ వారంలో డ్రిల్లు మంగళవారమొక్కటే, అంటే 18. మూడోదానికి మాత్రం తల్లి వాట్సాప్ ఆధారమైంది. ఆ రాత్రే చెల్లెలికి “వీడికి ఒళ్లు కాలిపోతోంది, పొద్దున్న బడికి పంపను” అని పెట్టింది, 10వ తేదీ. ఇంత చేసినా తేదీ దొరక్కపోతే ‘10–15 తేదీల మధ్య, ఏ రోజో బాబుకు గుర్తులేదు’ అని రాయండి. ఊహించి వేసిన తేదీ తప్పని తేలితే సరైన తేదీలు కూడా దానితోపాటే పోతాయి.

తర్వాత ప్రతి వాక్యం పక్కనా పెన్సిలుతో ఒక గుర్తు పెట్టించాను: నేను చూసింది, బాబు చెప్పింది, నేను అనుకుంటున్నది. మూడో గుర్తు పడ్డవన్నీ కొట్టేయాలి. ‘వాడు భయపడిపోతున్నాడు’ అన్నది మూడోదే. భయం కంటికి కనిపించదు కదా, మరి నీకెలా తెలిసిందమ్మా అని అడిగాను. కాసేపు ఆలోచించి అంది: “నీళ్ల సీసా నిండుగా తెచ్చీస్తన్నాడండి. తాగితే బాత్రూముకెళ్లాలి కదమ్మా అంటన్నాడు.” ఆ పక్కన ‘నేను చూసింది’ అని పెట్టించాను. ఉత్తరం మొత్తంలో ఈ ఒక్క వాక్యం ముందు నేనైతే పేజీ తిప్పలేకపోయేవాణ్ణి.

ఇక్కడొక చేదు పని కూడా ఉంది. మన బిడ్డ ఏమన్నాడో, ఏం చేశాడో కూడా అడగాలి. 13న గొడవకు ముందు తను ‘గ’ని ‘గుండోడా’ అని పిలిచానని బాబు ఒప్పుకున్నాడు. “ఇది రాయక్కర్లేదు కదా మాస్టారూ?” అని తల్లి అడిగింది. రాయాలి. మనం రాయకపోతే అవతలి తల్లిదండ్రులు మీటింగులో చెబుతారు, అప్పుడది మనం దాచిన విషయమవుతుంది. మనమే రాస్తే వట్టి సమాచారం, అంతే.

మరొక్క విషయం. ఒక్కసారి తోసుకుంటే దాన్ని పిల్లల గొడవ అంటారు, అందులో తప్పులేదు. అదే పిల్లలు, అదే బిడ్డను, తమ బలం చూసుకుని మళ్లీమళ్లీ చేస్తుంటే అది వేధింపు. ఆ తేడా మీరు వాదించనక్కర్లేదు. సంఘటనలు వరుసలో పెడితే అదే కనిపిస్తుంది. ‘క’, ‘గ’ ఒక తరగతి పైన ఉన్నారని, రెండు సంఘటనలు బాత్రూముల దగ్గరే జరిగాయని హెడ్‌మాస్టరుకు తనంతట తనకే తెలియాలి.

తిరగరాశాక ఉత్తరం ఇలా వచ్చింది:

“తేదీ: 19–11–2025, బుధవారం.
హెడ్‌మాస్టర్ గారికి నమస్కారం. మా బాబు 7వ తరగతి బి సెక్షన్‌లో చదువుతున్నాడు. నాకు తెలిసినంతవరకు జరిగినవి రాస్తున్నాను. కొటేషన్లలో ఉన్నవి బాబు ఇంట్లో చెప్పిన మాటలు.

10–11, సోమవారం, మధ్యాహ్నం భోజన విరామం: ‘నాను బాత్రూముకెల్తే బయట గడియ ఎట్టీసినారమ్మా. ఆయమ్మొచ్చి తీసింది.’ గడియ పెట్టింది 8వ తరగతి అబ్బాయిలు క, గ అని చెప్పాడు. 11, 12 తేదీల్లో జ్వరం వల్ల బడికి రాలేదు.

13–11, గురువారం, డాన్సు ప్రాక్టీసు తర్వాత: మా బాబు ముందుగా ‘గ’ని ‘గుండోడా’ అని పిలిచానని చెప్పాడు. తర్వాత క, గ తన కేరేజీలో అన్నం సింకులో పారబోశారని చెప్పాడు. చూసినవాళ్లెవరో తనకు తెలియదన్నాడు.

18–11, మంగళవారం, భోజన విరామం, బాత్రూముల దగ్గర: ‘క’ తోస్తే గోడకు తగిలానని చెప్పాడు. సాయంత్రం ఇంటికి రాగానే ఎడమ మోచేతి మీద చర్మం లేచిపోయి ఉండడం నేను చూశాను. అప్పుడే తీసిన ఫోటో జత చేశాను.

13వ తేదీ నుంచి నిన్నటివరకు బడి ఉన్న ఐదు రోజులూ నీళ్ల సీసా నిండుగానే ఇంటికి తెచ్చాడు. అడిగితే, తాగితే బాత్రూముకు వెళ్లాలి కదా అన్నాడు.

మిమ్మల్ని కోరేవి: ఒకటి, 10, 18 తేదీల భోజన విరామం నాటి వరండా కెమెరా రికార్డింగు చెరిగిపోకుండా ఈ రోజే భద్రం చేయించండి. రెండు, రేపటి నుంచి భోజన విరామంలో బాత్రూముల దగ్గర ఒక పెద్దవారు ఉండేలా చూడండి. మూడు, పిల్లల్ని, ఆయమ్మను విడివిడిగా అడగండి, ఎదురెదురుగా నిలబెట్టవద్దు. నాలుగు, ఏదైనా జరిగితే బాబు ఏ టీచరుకు చెప్పుకోవాలో మాకు తెలియజేయండి.

వీటిలో ఏవి చేస్తారో 21, శుక్రవారంలోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు. 24, సోమవారం నేను, బాబు వాళ్ల నాన్న మీరు చెప్పిన సమయానికి వచ్చి కలుస్తాం.”

కెమెరా సంగతి మొదట ఎందుకు పెట్టానంటే, రికార్డరులో చోటు నిండగానే పాతది తుడిచేసి దాని మీదే కొత్తది ఎక్కుతుంది. ఎన్ని రోజులకనేది ఆ బడి పెట్టుకున్న పరికరాన్ని బట్టి ఉంటుంది, మనకు తెలియదు. మిగతా పనులు వారం ఆగినా ఇది ఆగదు. కానీ ఆ వీడియో మనకు ఇమ్మని అడగకండి. అందులో వేరే పిల్లలుంటారు కాబట్టి ఇవ్వలేమంటారు, ఆ గొడవలో రోజులు గడిచిపోతాయి. భద్రం చేసి చూడమంటే చాలు.

విడివిడిగా అడగమన్న మాట చాలామంది తల్లిదండ్రులకు తట్టదు. సాధారణంగా ఏం చేస్తారంటే, ముగ్గురినీ గదిలోకి పిలిచి “ఏరా, కొట్టారా?” అని అడుగుతారు. పక్కనే పైతరగతి వాళ్లుంటే చిన్నవాడు “లేద్సార్” అంటాడు. తర్వాత చేతులు కలిపించి పంపేస్తారు. నేనూ మొదట్లో అలా చేసినవాణ్ణే.

క, గల పూర్తి పేర్లు హెడ్‌మాస్టరుకు వెళ్లే ప్రతిలోనే ఉండాలి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారో, విషయం పిల్లవాడి నుంచి మీ మీదికి మళ్లుతుంది. వాళ్లూ పిల్లలే, వాళ్ల పేర్లు ఊరంతా తిరగకూడదు. ఆ ఇళ్లకు నేరుగా ఫోను చేయడం కూడా వద్దు.

కాగితం ప్రతి ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద సంతకం, తేదీ, వీలైతే స్టాంపు వేయించుకోండి. అదే ఉత్తరం ఫోటో తీసి ఒకే మెసేజిగా పంపండి. వాయిస్ మెసేజిలో తేదీ వెతుక్కోవాలంటే మొత్తం మళ్లీ వినాలి, ఆ ఓపిక ఎవరికీ ఉండదు.

పెద్ద దెబ్బ తగిలినా, లైంగికమైన పని ఏదైనా జరిగినా, బిడ్డ చచ్చిపోతానన్నా ఈ పాఠం పక్కన పెట్టండి. ఆసుపత్రి, పోలీసులు ముందు. 1098 పిల్లల కోసం ఉన్న నంబరు, ఫోను చేయడానికి డబ్బులు పడవు. బడి నుంచి జవాబు వచ్చేదాకా ఆగకండి.

ఆ తల్లికి జవాబు కాగితం మీద రాలేదు, ఫోనులో వచ్చింది: “చూస్తామమ్మా, ఆయమ్మను అక్కడ ఉండమన్నాం.” వెంటనే ఆమె చేత ఇలా మెసేజి పెట్టించాను: “ఈ రోజు 11 గంటలకు ఫోనులో, భోజన విరామంలో ఆయమ్మ బాత్రూముల దగ్గర ఉంటారని చెప్పారు. ధన్యవాదాలు. రికార్డింగు గురించి, సోమవారం కలవడం గురించి తెలియజేయగలరు.” ఫోనులో గాలికి పోయే మాట ఇలా రాతలోకి వస్తుంది. దానికీ జవాబు రాకపోతే ఏం చేయాలో నాలుగో పాఠంలో చూద్దాం.

అప్పటిలోగా ఈ మూడు వాక్యాలు తిరగరాసి ఉంచుకోండి. “బస్సులో మా పాపను ఎప్పుడూ ఏడిపిస్తారు.” “ఆ అమ్మాయి కావాలనే మా పాప పుస్తకం చింపింది.” “క్లాస్ టీచరుకు చెప్పినా పట్టించుకోలేదు.” మూడోది కష్టం. ఎవరు, ఏ రోజున, ఏ మాటల్లో చెప్పారు, టీచరు ఏమని జవాబిచ్చారు, ఇవన్నీ అందులో రావాలి.