రెండు పాన్ నంబర్లు, ఆధారేమో వాడని దానికి లింక్: సరిచేసుకోవడం ఎలా?

నర్సంపేట నుంచి హైదరాబాద్ వెళ్లి కంపెనీలో చేరిన ఒకాయన 2009లో పాన్ కార్డు తీసుకున్నాడనుకుందాం. కార్డు మీద పేరు ‘జి. రాజు’. పీఎఫ్, ఇంటి లోను, జీతం మీద కోసిన పన్ను అన్నీ ఆ నంబరు మీదే ఉన్నాయి. 2021లో వరంగల్‌లో బ్యాంకు ఖాతా తెరవబోతే కార్డు దొరకలేదు. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి పాత నంబరు వెతికే శ్రమ పడకుండా, ఆధార్ ఓటీపీతో పది నిమిషాల్లో కొత్త ఈ-పాన్ తీసి చేతిలో పెట్టాడు. అందులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ‘గుగులోతు రాజు’.

పాత పాన్‌కు ఆధార్ లింక్ కాలేదు, పేరులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది. అందుకే కంప్యూటర్ ఇద్దరూ వేరు మనుషులనుకుంది. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా రాస్తాం కాబట్టి ఈ చిక్కు చాలామందికి వస్తుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకూ అంతే.

ఒక మనిషికి రెండు పాన్‌లు ఉండకూడదు. ఉంటే 10,000 రూపాయల జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది. ఇంకో మాట: ‘రెండూ కలిపేయండి’ అని అడిగితే కలిపే పద్ధతి లేదు. ఒక నంబరు ఉంటుంది, ఇంకోటి రద్దవుతుంది. రద్దయ్యేదాని మీదున్న లెక్కలు మనమే మార్పించుకోవాలి.

ముందు చూడాల్సినవి

incometax.gov.in తెరిస్తే మొదటి పేజీలోనే Link Aadhaar Status ఉంటుంది. మీ ఆధార్ నంబరుతో పాటు ఒక్కో పాన్ కొట్టి చూడండి. రాజు తన పాత పాన్ కొడితే, ఆధార్ ఇప్పటికే వేరే పాన్‌కు లింక్ అయిందని వస్తుంది. అప్పుడే విషయం బయటపడుతుంది. అక్కడే Verify PAN Status లో రెండు నంబర్లూ ఏ స్థితిలో ఉన్నాయో, Know Your AO లో ఒక్కోదానికి ఏ ఆదాయపు పన్ను అధికారి ఉన్నారో చూసి రాసుకోండి. హైదరాబాద్ అడ్రసుతో తీసిన పాన్‌కు అధికారి హైదరాబాద్‌లోనే ఉండొచ్చు. వరంగల్ ఆఫీసుకు వెళ్లి నిలబడ్డాక ‘ఇది మా పరిధి కాదు’ అనిపించుకోవడం కన్నా ఇంట్లోనే చూసుకోవడం మేలు.

ఏది ఉంచుకోవాలి?

ఆధార్ లింక్ అయిన నంబరు ఉంచుకోవడం అన్నిటికన్నా తేలిక. పాత నంబరు మీద ఒకట్రెండు ఖాతాలే ఉంటే అదే చేయండి, నేరుగా రద్దు దరఖాస్తుకు వెళ్లొచ్చు. రాజుది అలా కాదు. పదేళ్లకు పైగా జీతం, పీఎఫ్, లోను పాత నంబరు మీద ఉన్నాయి, కొత్తదాని మీద ఒక్క ఫిక్స్‌డ్ డిపాజిట్ మాత్రమే. అతను పాతదే ఉంచుకోవాలి, ఆధార్‌ను దానికి మార్పించుకోవాలి.

తేల్చుకునే ముందు రెండు నంబర్ల 26ఏఎస్ కాపీలు డౌన్‌లోడ్ చేసుకోండి. ఏ నంబరు మీద ఎంత పన్ను కోశారో అందులో ఉంటుంది. రద్దు చేయబోయే నంబరు మీద రిటర్ను వేసి రిఫండ్ రావాల్సి ఉంటే, అది ఖాతాలో పడేదాకా ఆగండి.

ఆధార్‌ను విడదీయించడం

చాలామంది ఇక్కడే వరుస తప్పుతారు. ముందే రద్దు దరఖాస్తు పెడతారు. అలా చేస్తే ఆధార్ రద్దయ్యే నంబరుకే అతుక్కుని ఉంటుంది, ఉంచుకున్న నంబరు పనిచేయదు. కాబట్టి మొదటి పని విడదీయించడమే. దీనికి ఆన్‌లైన్‌లో బటన్ లేదు, సంబంధిత అధికారికే రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. అందులో ఈ మాటలుంటే చాలు:

‘నా ఆధార్ నంబరు … పొరపాటున పాన్ … కు లింక్ అయింది. నేను 2009 నుంచి వాడుతున్నది పాన్ … . రెండూ నావే. ఆధార్‌ను ఇప్పుడు లింక్ అయి ఉన్న పాన్ నుంచి విడదీయగలరు. తర్వాత ఆ పాన్‌ను రద్దు కోసం అప్పగిస్తాను.’

రెండు పాన్‌ల కాపీలు, ఆధార్ కాపీ, పోర్టల్‌లో వచ్చిన ఆ మెసేజ్ ప్రింటు జతచేయండి. స్టాంపు పేపరు మీద హామీపత్రం అడగొచ్చు, పాన్ జారీచేసిన ఏజెన్సీ నుంచి ఆడిట్ లాగ్, అంటే ఆధార్ ఎలా లింక్ అయిందో చూపే రికార్డు కూడా అడగొచ్చు. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా రావొద్దు. కదలిక లేకపోతే పోర్టల్‌లోని Grievances లో ఫిర్యాదు పెట్టేటప్పుడు ఆ ప్రతే ఆధారం.

మీ ఆధార్ అసలు పరాయి మనిషి పాన్‌కు లింక్ అయి ఉన్నా దారి ఇదే. తేడా ఒక్కటే, ‘ఆ పాన్ నాది కాదు’ అని స్పష్టంగా రాయాలి. పరాయి పాన్‌ను మాత్రం మీ రద్దు దరఖాస్తులో రాయకండి.

పేరు సరిచేసి, లింక్ చేసి

విడదీశాక పాత పాన్‌కు ఆధార్ లింక్ చేయాలి. పేరు, పుట్టిన తేదీ, లింగం రెండింటిలో కలవకపోతే లింక్ పడదు. ‘జి. రాజు’, ‘గుగులోతు రాజు’ కలవవు. అందుకని ముందు పాన్‌లో పేరు సవరించుకోవాలి. పాన్ కార్డులు జారీచేసే ఏజెన్సీలైన ప్రొటీన్ లేదా యూటీఐఐటీఎస్ఎల్ సైట్‌లో సవరణ దరఖాస్తు ఉంటుంది. కార్డు ఇంటికి కావాలంటే ఫీజు వంద రూపాయల పైచిలుకు.

పేరు మారాక పోర్టల్‌లోని e-Pay Tax లో 1,000 రూపాయలు ఆలస్య రుసుము కట్టి, Link Aadhaar లో అభ్యర్థన పంపాలి. చెల్లింపు రకం Other Receipts (500) అని ఎంచుకోవాలి. కట్టేటప్పుడు పైన ఏ పాన్ ఉందో రెండుసార్లు చూసుకోండి, రద్దు చేయబోయే నంబరు మీద కడితే ఆ డబ్బు ఈ పనికి పనికిరాదు. పనిచేయని పాన్ మళ్లీ పనిచేయడానికి 30 రోజుల దాకా పట్టొచ్చు. ఆలోపు బ్యాంకు వడ్డీ మీద పది శాతానికి బదులు ఇరవై శాతం కోసే ప్రమాదం ఉంది.

రద్దు దరఖాస్తు

దీనికి వేరే ఫారం లేదు, ఆ సవరణ దరఖాస్తే. పైన ఉంచుకునే పాన్ రాయాలి. చివర్లో, పొరపాటున జారీ అయిన ఇతర పాన్‌లు రాయమనే గడిలో రద్దు కావాల్సినది రాసి, పక్కనున్న పెట్టెలో టిక్ పెట్టాలి. రెండు చోట్లా ఒకే నంబరు రాస్తే దరఖాస్తు తిరిగొస్తుంది. మార్చాల్సిన అవసరం లేని గడుల పక్కన టిక్ పెట్టకండి, పెడితే వాటికీ రుజువులు అడుగుతారు. రద్దయ్యే కార్డు కాపీ జతచేసి, వచ్చిన రసీదు నంబరు దాచుకోండి.

వెనక మిగిలే లెక్కలు

రాజు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఏడాదిలో 62,000 రూపాయల వడ్డీ వచ్చింది, బ్యాంకు 6,200 కోసింది. ఆ 6,200 కొత్త పాన్ 26ఏఎస్‌లో ఉంది. పాత పాన్ మీద రిటర్ను వేస్తే అది కనబడదు, అడిగినా ఇవ్వరు. బ్యాంకు తన టీడీఎస్ స్టేట్‌మెంటును సవరించి దాఖలు చేస్తేనే ఆ మొత్తం పాత నంబరులోకి వస్తుంది. కాబట్టి బ్రాంచిలో కేవైసీ మార్చమనడంతో ఆగొద్దు, ఏ త్రైమాసికాల టీడీఎస్ మార్చాలో రాసివ్వండి. మేనేజరుకు గుర్తుంటుందిలే అనుకోవద్దు.

సిబిల్ రిపోర్టు కూడా తీసి చూడండి. కొత్త పాన్‌తో ఏదైనా లోను లేదా క్రెడిట్ కార్డు తీసుకుని ఉంటే అది వేరుగా కనబడొచ్చు. ఆ సంస్థలో పాన్ మార్పించి, సిబిల్‌లో డిస్ప్యూట్ పెట్టాలి. రద్దయిన ఈ-పాన్ పీడీఎఫ్‌ను ఫోన్‌లోంచి, జిరాక్సులను ఇంట్లోంచి తీసేయండి. వచ్చే ఏడాది ఇంకెక్కడో హడావుడిలో ఆ కాగితమే చేతికి వస్తుంది.