డొమినోలో బ్లాక్ చేసిన మీరే ఓడిపోతున్నారా? తేడా ఎక్కడొస్తోందో చూద్దాం

ఇక్కడ చెప్పేదంతా ఇద్దరు ఆడే డబుల్ సిక్స్ సెట్ గురించి. మొత్తం 28 బిళ్ళలు, 168 చుక్కలు, ప్రతి అంకె 7 బిళ్ళల మీద ఉంటుంది. చెరి 7 తీసుకుంటే కుప్పలో 14 మిగులుతాయి.

సమస్య: నా చేతిలోనే తక్కువ బిళ్ళలున్నాయి, అయినా ఆట బ్లాక్ చేయగానే అవతలివాడు గెలిచాడు

కారణం: మీరు బిళ్ళలు లెక్కపెట్టారు, చుక్కలు లెక్కపెట్టలేదు. ఇద్దరూ ఏదీ వేయలేక ఆట ఆగిపోతే, అంటే బ్లాక్ అయితే, చేతిలో తక్కువ చుక్కలున్నవాళ్ళదే గెలుపు. సగటున బిళ్ళకి 6 చుక్కలు, కానీ చివర్లో మిగిలేవి సగటుకి చాలా దూరంగా ఉండొచ్చు. నాలుగు చిన్న బిళ్ళలు రెండు పెద్దవాటికన్నా తేలిక.

పరిష్కారం: టేబుల్ మీద పరిచినవన్నీ కూడుతూ కూర్చోకండి, అంత టైమ్ ఉండదు. ఇంకా కనబడని బిళ్ళలు ఏవో రాసుకుని వాటినే కూడండి, కుప్ప తరిగిన ఆటలో చివరికి అవి అయిదారే ఉంటాయి.

సమస్య: ఏ అంకె దగ్గర ఆగిపోయాడో గుర్తుపెట్టుకున్నా, తర్వాత అదే అంకె వేసేస్తున్నాడు

కారణం: వేయడానికి లేనప్పుడు కుప్పలోంచి తీసుకునే డ్రా ఆటలో ఆ సమాచారం పాతబడిపోతుంది. రెండు చివర్లలో 4, 1 ఉన్నప్పుడు అతను కుప్పలోంచి మూడు తీసి మూడోది వేశాడనుకోండి. ఆ క్షణానికి అతని చేతిలో 4 గానీ 1 గానీ ఒక్కటీ లేదు, ముందు తీసిన ఆ రెండు బిళ్ళల మీద కూడా లేదు. చాలామంది ఈ రెండు బిళ్ళల సంగతి వదిలేస్తారు, నాకైతే దొరికే సమాచారంలో ఇదే బంగారం. కానీ అతను మళ్ళీ కుప్ప మీద చెయ్యి వేస్తే, కొత్తగా వచ్చినవాటికి ఈ మాట వర్తించదు, అప్పటి చివర్లలో ఉన్న అంకెలు మాత్రమే వాటి మీద లేవని చెప్పగలం.

పరిష్కారం: కొత్తగా తీసినవాటిని పాతవాటితో కలపకుండా విడిగా గుర్తుపెట్టుకోండి. వేయగలిగి కూడా కుప్పలోంచి తీయొచ్చనే రూల్‌తో ఆడుతుంటే మాత్రం, తీయడం దేనికీ రుజువు కాదు. ఇద్దరి ఆటలో చివరి రెండు బిళ్ళలు తీయకూడదనే రూల్ మామూలే కాబట్టి, కుప్ప ఆ రెండింటికి చేరాక పాస్ అన్నాడంటే అది చివరిదాకా నిలబడే సమాచారం.

ఒక ఆట చూద్దాం. చివర్లలో 6, 4 ఉన్నప్పుడు అతను కుప్ప రెండు బిళ్ళలకి వచ్చేదాకా తీసి, అయినా పాస్ అన్నాడు. ఆ తర్వాత కాస్త ఆట నడిచి ఇప్పుడు చివర్లలో 5, 3 ఉన్నాయి, వంతు మీది. మీ చేతిలో 3-5, 3-4, 0-6, అతని దగ్గర నాలుగు. అయిదు ఉన్న మిగతా ఆరు బిళ్ళలూ టేబుల్ మీదే ఉన్నాయి, అంటే 3-5ని మూడు వైపు వేస్తే రెండు చివర్లూ 5 అయి ఆట అక్కడే ఆగిపోతుంది. చెయ్యి దురద పెడుతుంది, వేసేయాలనిపిస్తుంది.

ఆగండి. బ్లాక్ చేస్తే మీ దగ్గర 13 చుక్కలు మిగులుతాయి. కనబడనివి 0-1, 0-2, 0-3, 2-2, 1-6, 2-4, కలిపి 23. వీటిలో నాలుగు అతనివి, రెండు కుప్పలోవి, కాబట్టి అతని లెక్క 10 నుంచి 20 మధ్య ఎంతైనా కావొచ్చు. ఇక్కడే ఆ పాస్ పనికొస్తుంది. అతని దగ్గర 6, 4 లేవు కాబట్టి 1-6, 2-4 కుప్పలోనే ఉన్నాయి, అతనివి మిగతా నాలుగు, సరిగ్గా 10. బ్లాక్ చేస్తే 3 చుక్కల తేడాతో మీరే ఓడిపోతారు.

అదే 3-5ని అయిదు వైపు వేయండి. రెండు చివర్లూ 3 అవుతాయి. అతని దగ్గర మూడు ఉన్న బిళ్ళ 0-3 ఒక్కటే, వేయక తప్పదు. ఇప్పుడు చివర్లలో 0, 3. మీరు సున్నా మీద 0-6 వేస్తే చివర్లలో 6, 3 ఉంటాయి, అతను పాస్. మీరు 3-4 వేసి చెయ్యి ఖాళీ చేస్తారు, అతని దగ్గర మిగిలిన 0-1, 0-2, 2-2 తాలూకు 7 పాయింట్లు మీవి.

సమస్య: బ్లాక్ ఆటలో ఈ లెక్క ఇంత కచ్చితంగా రావట్లేదు

కారణం: ఇందులో కుప్పలోంచి తీయడం ఉండదు కాబట్టి ప్రతి పాస్ చివరిదాకా నిజమే, కానీ 14 బిళ్ళలు ఎప్పటికీ బయటికి రావు.

పరిష్కారం: పాస్‌లని బట్టి అతని దగ్గర ఉండే అవకాశం లేనివి తీసేసి, మిగిలినవాటి సగటు చూడండి. పది బిళ్ళలు, 50 చుక్కలు మిగిలాయి, అతని చేతిలో మూడున్నాయి అంటే సుమారు 15. ఇది అంచనాయే కాబట్టి మీవి 13 ఉంటే రిస్క్, 7 లేదా 8 ఉంటే బ్లాక్ చేసేయండి.