ఉత్తరాలు రాద్దాం, 4వ పాఠం: క్రెష్ నుంచి బిడ్డను తీసుకురావడం ఆలస్యమైనప్పుడు డైరెక్టరుకు రాసే ఉత్తరం

గత పాఠంలో బడికి సెలవు ఉత్తరం రాయడం నేర్చుకున్నాము. అక్కడ మనం అడిగేవాళ్లం, వారు ఇచ్చేవారు, అంతటితో ఆ పని ముగిసేది. ఈ వారం ఉత్తరం అలాంటిది కాదు. మన వల్ల కలిగిన ఇబ్బందిని అవతలివారు నిన్ననే భరించారు, అది మళ్లీ రాదని నమ్మడానికి వారికి ఇంకా ఆధారం దొరకలేదు. కనుక ఈ ఉత్తరంలో క్షమాపణకు రెండు మూడు వాక్యాలు చాలు, మిగిలిన చోటంతా ఏర్పాటు వివరాలకే దక్కాలి. ఆ ఏర్పాటు కాగితం మీదకు రాకముందే ఇంట్లో నిజంగా సిద్ధమై ఉండాలి కాబట్టి ఈ పాఠంలో సగం రాతకు ముందు చేయవలసిన పనుల గురించే ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తల్లి హైదరాబాదులో గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తుంది, రెండున్నరేళ్ల పాప మియాపూర్‌లోని క్రెష్‌లో ఉంటుంది. క్రెష్ మూసే సమయం సాయంత్రం 6:30. ఆఫీసు నుంచి క్రెష్‌కు క్యాబ్‌లో మామూలుగా 45 నిమిషాలు పడుతుంది. మంగళవారం వాన వల్ల ఆమె 7:10కి చేరింది. క్రెష్ వారు చేసిన ఫోన్లు ఆమెకు వినబడలేదు, తండ్రి ఆ రోజు ఊళ్లో లేడు. ఆ నెలలోనే మరొక రోజు కూడా 20 నిమిషాలు ఆలస్యమైంది.

ఆ సాయంత్రం డైరెక్టరు ఎదుర్కొన్న పరిస్థితిని ముందు అర్థం చేసుకోవాలి. ఒక్క బిడ్డే మిగిలినా ఇద్దరు పెద్దలు ఉండాలని చాలా క్రెష్‌లు నియమం పెట్టుకుంటాయి, ఎందుకంటే ఒకరు బిడ్డను చూస్తూ ఉంటే తలుపు దగ్గరకు వెళ్లడానికీ ఫోన్ చేయడానికీ మరొకరు కావాలి. అంటే మన 40 నిమిషాలు ఒక టీచరుకూ ఒక ఆయాకూ కలిపి 80 నిమిషాలు అవుతాయి, వారికీ ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలు ఉండవచ్చు. డైరెక్టరును ఇంతకంటే ఎక్కువ కలవరపెట్టేది ఫోన్ ఎత్తకపోవడం. తల్లిదండ్రులు రాక, ఫోనూ ఎత్తకపోతే బిడ్డను ఎవరి చేతికి ఇవ్వాలో, ఎంతసేపు ఆగాలో నిర్ణయించే భారం ఆమె మీద పడుతుంది. ఆ భారాన్ని తీసేసే ఉత్తరాన్ని ఆమె బిడ్డ ఫైలులో పెట్టుకుంటుంది, తీసేయని ఉత్తరాన్ని చదివి పక్కన పెడుతుంది.

ఆలస్య రుసుము కడుతున్నాము కదా, ఉత్తరం ఎందుకని కొందరు అడుగుతారు. ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో 10 డే కేర్ కేంద్రాలను పరిశీలించి ఆర్థికశాస్త్రవేత్తలు యూరీ గ్నీజీ, ఆల్డో రుస్టికీని 2000లో ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో ఆరు కేంద్రాలు 10 నిమిషాలకు మించి ఆలస్యమైన ప్రతిసారీ 10 షెకెల్‌ల జరిమానా విధించాయి. ఆలస్యంగా వచ్చేవారు తగ్గుతారని అనుకుంటే పెరిగారు, జరిమానా ఎత్తేసిన తరువాత కూడా మునుపటి స్థాయికి తగ్గలేదు. డబ్బు కట్టిన తల్లిదండ్రులు ఆ అదనపు సమయాన్ని కొనుక్కున్నట్టు భావించి ఉంటారని వారి వివరణ. అందువల్ల మన ఉత్తరంలో రుసుము ప్రస్తావన ఒక్క వాక్యం దాటకూడదు. మాఫీ కోరడం, కడుతున్నామని గుర్తు చేయడం రెండూ వద్దు. డైరెక్టరు వెతికేది డబ్బు సంగతి కాదు.

ఇప్పుడు ఏర్పాటు దగ్గరకు వద్దాం. చాలామంది తాము ఎన్ని గంటలకు బయలుదేరాలో లెక్క వేసి, ఇకపై 5:30కే బయలుదేరుతానని రాస్తారు. వాన పడిన రోజు ఆ మాట నిలబడదు. లెక్క వేయవలసింది మనం రాలేమని ఒప్పుకొని మరొకరిని పంపడానికి చివరి గడియ ఏదన్నది. దానిని మూసే సమయం నుంచి వెనక్కి లెక్కించాలి. మన ఉదాహరణలో పాప పెద్దమ్మ, అంటే తల్లికి తోడికోడలు, మియాపూర్‌లోనే ఉంటుంది, క్రెష్‌కు నడిచి రావడానికి ఆమెకు 15 నిమిషాలు పడుతుంది. సంచీ సర్దించి, చెప్పులు తొడిగి, పుస్తకంలో సంతకం చేయడానికి 10 నిమిషాలు వదలాలి కాబట్టి ఆమె 6:20కి గేటు దగ్గర ఉండాలి. ఇంటి నుంచి 6:05కి బయలుదేరాలి, ఫోన్ అందుకుని సిద్ధం కావడానికి ఐదు నిమిషాలు కలిపితే తల్లి ఆమెకు 6:00 గంటలకల్లా ఫోన్ చేయాలి. కొత్తగూడ కూడలి నుంచి క్రెష్‌కు మామూలు సాయంత్రం 20 నిమిషాలు కనుక, 6:00కి క్యాబ్ కొత్తగూడ దాటకపోతే ఇక ఆలోచించకుండా ఫోన్ చేయాలన్నది నియమం. మరో పది నిమిషాలు చూద్దామనే ఆశకు ఇందులో తావు లేదు, ఆలస్యాలలో ఎక్కువ భాగం ఆ ఆశ వల్లనే జరుగుతాయి.

తరువాత ఆ పెద్దమ్మను అడగాలి. ఇది వింతగా అనిపించవచ్చు కానీ, అడగకుండానే బంధువుల పేర్లు రాసేవారు ఉన్నారు. అడిగితే మన ఉదాహరణలో ఒక విషయం బయటపడింది: గురువారాలు ఆమె తన కొడుకును సంగీతం క్లాసుకు తీసుకువెళుతుంది, ఆ సమయంలో ఇంట్లో ఉండదు. అప్పుడు తండ్రి గురువారాలు ఇంటి నుంచి పనిచేసేలా ఆఫీసులో అనుమతి తీసుకున్నాడు. ఈ ఖాళీ ముందే తెలియకపోతే రెండో వారంలోనే ఏర్పాటు కూలిపోయేది. ఒప్పుకున్న తరువాత ఆమె ఫొటో, గుర్తింపు కార్డు నకలు సిద్ధం చేసుకోవాలి. ఆధార్ ఇచ్చేటట్లయితే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం మంచిది. అన్నిటికంటే ముఖ్యంగా ఆమె ఒక రోజు తల్లితో కలిసి క్రెష్‌కు వెళ్లి సిబ్బందికి ముఖం చూపించాలి. ఎప్పుడూ చూడని మనిషి చేతికి, ఫోన్‌లో మీరు చెప్పారన్న మాట మీద, బిడ్డను ఇవ్వడానికి క్రెష్ నిరాకరిస్తే అది వారు సరిగ్గా పనిచేస్తున్నట్టే లెక్క.

ఇంత జరిగాక ఉత్తరం ఇలా ఉంటుంది.

"గౌరవనీయులైన డైరెక్టరు గారికి,

నమస్కారం. నిన్న, మంగళవారం, మా పాపను తీసుకువెళ్లడానికి నేను 6:30కి బదులు 7:10కి వచ్చాను. మీరు చేసిన ఫోన్లకు కూడా నేను జవాబు ఇవ్వలేదు. ఈ నెలలో ఇది రెండవసారి. నా వల్ల మీ టీచరు గారూ ఆయా గారూ 40 నిమిషాలు ఉండవలసి వచ్చినందుకు క్షమించమని కోరుతున్నాను, వారికి కూడా ఈ మాట నేరుగా చెబుతాను. ఆలస్య రుసుమును ఈ నెల బిల్లులో కలపగలరు.

వాన కారణంగా ట్రాఫిక్ ఆగిపోయింది, అయితే అటువంటి రోజుకు నా దగ్గర మరో ఏర్పాటు లేకపోవడమే అసలు లోపం. ఇప్పుడు ఈ ఏర్పాటు చేసుకున్నాము. సాయంత్రం 6:00 గంటలకు నేను కొత్తగూడ దాటకపోతే పాప పెద్దమ్మ గారు బయలుదేరి 6:20కల్లా మీ దగ్గర ఉంటారు. ఆ విషయం 6:05లోపు మీ ఆఫీసు నంబరుకు ఫోన్ చేసి చెబుతాను. గురువారాలు ఆమెకు వీలుపడదు కనుక ఆ రోజుల్లో పాప నాన్నగారు వస్తారు. ఆమె ఫొటో, గుర్తింపు కార్డు నకలు, ఫోన్ నంబరు జత చేశాను. శుక్రవారం సాయంత్రం ఆమెను నాతో తీసుకువచ్చి మీకు పరిచయం చేస్తాను. అనుమతి ఉన్నవారి జాబితాలో ఆమె పేరు చేర్చడానికి ఫారం ఏదైనా ఉంటే ఆ రోజే సంతకం చేస్తాము.

మా ఇద్దరిలో ఎవరమూ ఫోన్ ఎత్తకపోతే 6:30 తరువాత మీరు నేరుగా పెద్దమ్మ గారికి ఫోన్ చేయవచ్చు. అందుకు మా ఇద్దరి సమ్మతిని ఈ ఉత్తరం ద్వారానే తెలియజేస్తున్నాము. ఈ ఏర్పాటులో మీ నియమాలకు సరిపడనిది ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయండి.

ఇట్లు,
పాప అమ్మ, నాన్న సంతకాలు"

ఈ ఉత్తరంలో ట్రాఫిక్‌కు అర వాక్యమే దక్కిందని గమనించండి. కారణం ఎంత పొడుగైతే క్షమాపణ అంతగా వాదనలా వినిపిస్తుంది. "ఇక ఎన్నడూ ఆలస్యం కానివ్వను" అనే మాట కూడా ఇందులో లేదు. అది ఎవరి చేతిలోనూ లేని విషయం, ఒక్కసారి తప్పినా మిగిలిన ఉత్తరం మొత్తం విలువ పోగొట్టుకుంటుంది. దాని స్థానంలో ఉన్న మూడు మాటలను డైరెక్టరు గడియారం చూసి పరీక్షించవచ్చు: 6:05కి ఫోన్ వచ్చిందా, 6:20కి మనిషి వచ్చిందా, శుక్రవారం పరిచయం జరిగిందా. నా దృష్టిలో ఉత్తరానికి ప్రాణం చివరి పేరాలోని సమ్మతి వాక్యం. మంగళవారం డైరెక్టరుకు లేనిది ఆ అధికారమే. తల్లిదండ్రులిద్దరూ సంతకం చేయాలని చెప్పేది కూడా అందుకే.

నిన్న ఎవరైనా ఆయా విసుక్కుని ఉంటే దానిని ఈ ఉత్తరంలో చేర్చకండి. ఆ ఫిర్యాదు న్యాయమైనదే కావచ్చు, కానీ ఇక్కడ చేరితే క్షమాపణను వెనక్కి తీసుకున్నట్టు అవుతుంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో రాయడం కూడా తగదు. మరునాడు మధ్యాహ్నంలోపు ఈమెయిల్‌గా పంపి, సంతకం చేసిన కాగితాన్ని సాయంత్రం చేతికి ఇస్తే బాగుంటుంది. ఏర్పాటు ఇంకా కుదరకపోతే ఆ రోజు క్షమాపణ వాక్యాలు మాత్రమే పంపి, వివరాలు ఏ రోజున పంపుతారో చెప్పండి. కుదరని ఏర్పాటును కుదిరినట్టు రాయడం కంటే రెండు రోజులు ఆగడం మేలు.

ఈ ఉత్తరం పనికిరాని సందర్భం ఒకటి ఉంది. వారంలో రెండు మూడు రోజులు ఆలస్యమవుతోందంటే అది వాన సమస్య కాదు, మీ పని వేళకూ క్రెష్ వేళకూ పొంతన లేదు. అప్పుడు క్షమాపణలు పంపుతూ పోకుండా, పొడిగించిన వేళ ఉందా, దానికి నెలకు ఎంత అని అడగాలి, లేదా ఆఫీసులో వేళ మార్చమని కోరాలి. ప్రసూతి ప్రయోజనాల చట్టం స్థానంలో 2025లో అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ 50 మంది లేక అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు క్రెష్ సదుపాయం కల్పించాలని చెబుతోంది, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లడానికి అనుమతించాలని కూడా చెబుతోంది. మీ సంస్థ ఆ పరిధిలోకి వస్తే రాయవలసిన ఉత్తరం డైరెక్టరుకు కాదు, హెచ్‌ఆర్ విభాగానికి.

అభ్యాసం: మీ బిడ్డ క్రెష్ మూసే సమయం నుంచి వెనక్కి లెక్కించి, మీ బదులు వెళ్లేవారికి ఫోన్ చేయవలసిన చివరి గడియను కనుక్కోండి. ఆ గడియకు మీరు దారిలో ఏ కూడలి దాటి ఉండాలో రాయండి. ఆ తరువాత వారికి ఫోన్ చేసి వారంలో ఏ రోజులు వీలుపడదో అడిగి, ఆ రోజులకు మరొకరి పేరు చేర్చి, పై ఉత్తరంలోని రెండవ పేరాను మీ వివరాలతో తిరిగి రాయండి. వచ్చే పాఠంలో డైరెక్టరు "ఈ ఏర్పాటుకు మా నియమాలు ఒప్పుకోవు" అని జవాబు ఇస్తే ఏమి రాయాలో చూద్దాం.