దీపావళి రద్దీ మొదలవకముందే: కోపంగా వచ్చిన మెయిల్‌కు జవాబు రాసేవాళ్లకు జాగ్రత్తలు

చెన్నైలో బట్టల షాపులకు ఆన్‌లైన్ ఆర్డర్లు ఎక్కువయ్యేదీ, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేదీ దాదాపు ఒకేసారి. పార్సిళ్లు ఆలస్యమవుతాయి, కోపంతో మెయిళ్లు వస్తాయి. టి.నగర్‌లో మా షాపు ఆన్‌లైన్ ఆర్డర్లు చూసుకునే తెలుగు పిల్లలకు నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది. ఎంత మొత్తం దాకా అడగకుండా రీఫండ్ ఇవ్వొచ్చో ఓనర్ గారిని ఇప్పుడే అడిగి, రాసి పెట్టుకోండి. ఆ అధికారం లేకపోతే మీ జవాబులో క్షమాపణ ఉంటుంది కానీ పరిష్కారం ఉండదు. అలాంటి జవాబుకు రెండో మెయిల్ ఇంకా ఘాటుగా వస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నెల్లూరు నుంచి ఒకావిడ అక్టోబర్ 6న 6,850 రూపాయల పట్టుచీర ఆర్డర్ పెట్టారు. 12న కూతురి నిశ్చితార్థం. 11కల్లా అందుతుందని మనం చెప్పాం. చీర 14న చేరింది. ఆ రాత్రే మెయిల్: "రెండు వారాలైంది, ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు, మీలాంటి మోసగాళ్లను ఎక్కడా చూడలేదు, నా డబ్బు నాకు పడేయండి."

చదవగానే రాయడం మొదలుపెట్టకండి. ముందు ఆర్డర్ పేజీ, కొరియర్ ట్రాకింగ్, కాల్ లాగ్ తెరవండి. ఇక్కడ చూస్తే, 7న బయల్దేరాల్సిన చీర మన గోడౌన్ నుంచి 9న బయల్దేరింది. ఆవిడ 10న, 11న ఫోన్ చేశారు, ఎవరూ ఎత్తలేదు. అంటే "రెండు వారాలు" అన్నది తప్పే అయినా, అసలు ఫిర్యాదు నిజం. ఎనిమిది రోజులే అయిందని దిద్దబోతే గొడవ లెక్కల మీదికి పోతుంది. తేదీలు వరుసగా రాస్తే చాలు, లెక్క ఆవిడకే తెలుస్తుంది.

ఇక బాధను గుర్తించడం. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని రాస్తే ఆవిడ మెయిల్ ఎవరూ చదవలేదని అర్థమైపోతుంది. ఆవిడకు పోయింది కూతురి నిశ్చితార్థానికి అనుకున్న చీర కట్టుకునే సందర్భం. జవాబులో ఆ మాట ఉండాలి. "మీకు అలా అనిపించినందుకు సారీ" అనడం మరీ ప్రమాదం, తప్పు ఆవిడ మనసుదే అన్నట్టుంటుంది. వాన మీదకో కొరియర్ వాళ్ల మీదకో నెట్టొద్దు. రెండు రోజులు మన దగ్గరే ఆగింది కదా.

నేనైతే ఇలా రాస్తాను:

"నమస్తే అమ్మా. మీ అమ్మాయి నిశ్చితార్థానికి కట్టుకోవాలని తీసుకున్న చీర ఆ రోజుకు అందలేదు, పైగా ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు, మీకు కోపం రావడం న్యాయమే. క్షమించండి. మీరు 6న ఆర్డర్ పెట్టారు. 7న పంపాల్సింది మా గోడౌన్ నుంచి 9న పంపాం. 14న మీకు అందింది. ఆలస్యం మా వల్ల మొదలైంది. ఈ రోజు, 15న, సాయంత్రం 5లోపు 6,850 రూపాయలు పూర్తిగా రీఫండ్ పెడతాను. మీ బ్యాంకులో పడటానికి 5 నుంచి 7 పని దినాలు పట్టొచ్చు. రీఫండ్ నంబర్ ఈ మెయిల్‌కే పంపిస్తాను. చీర తీసుకెళ్లడానికి 17న మనిషి వస్తారు, మీరేమీ కట్టక్కర్లేదు. చీర ఉంచుకోవాలనిపిస్తే ఈ మధ్యాహ్నం 3లోపు చెప్పండి, రీఫండ్ ఆపి 1,500 తిరిగి ఇస్తాను."

ఇందులో రీఫండ్ మనం పెట్టే రోజు వేరు, ఆవిడ ఖాతాలో డబ్బు పడే రోజు వేరు అని గమనించండి. మన చేతిలో ఉన్న దానికే గట్టి తేదీ ఇవ్వాలి. "రెండు రోజుల్లో పడుతుంది" అని బ్యాంకు తరఫున మాటిస్తే మూడో రోజు మళ్లీ మనమే అబద్ధం చెప్పినవాళ్లం అవుతాం. సందర్భం దాటిపోయింది కాబట్టి వేరే చీర పంపుతాం అన్నా, వచ్చే కొనుగోలుకు కూపన్ ఇస్తాం అన్నా పుండు మీద కారం చల్లినట్టే. చీర పాడై వచ్చిందన్న ఫిర్యాదైతే, ఫోటో పంపమని అడిగే ముందు మెయిల్‌కు జత చేసి ఉందేమో చూడండి. హడావిడిలో జరిగే పొరపాటు ఇదే.

వివరాలు తేలడానికి ఒక రోజు పడుతుందనుకోండి, ఏ రోజు, ఎన్ని గంటలలోగా చెబుతారో రాసి చిన్న మెయిల్ వెంటనే పెట్టండి. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లోగా తెలపాలి, నెల లోపల పరిష్కరించాలి. కస్టమర్ లాయర్ పేరెత్తినా, 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కు చెబుతానన్నా వాదించకుండా మెయిల్‌ను నేరుగా ఆ ఆఫీసర్‌కు పంపండి. తిట్లు ఉంటే వాటిని పట్టించుకోకుండా ఫిర్యాదుకే జవాబివ్వండి. బెదిరింపులు ఉంటే మాత్రం జవాబు రాయకుండా మేనేజర్‌కు చూపించండి.

పంపే ముందు ఒక్కసారి చదివి, "కానీ" అన్న మాట క్షమాపణ తర్వాత వచ్చిందేమో వెతకండి. వస్తే తీసేయండి. 5 గంటలకు రీఫండ్ పెట్టాక నంబర్ పంపడం మర్చిపోకుండా అప్పుడే ఫోన్‌లో అలారం పెట్టుకోండి.